ఇద్దరి నడుమ మూడో జాతకం

మా దర్శి వైపు ఒక సంబంధం మాటల్లోకి వచ్చిందంటే, పొలం ఎంత, చదువు ఎంత అన్న ముచ్చట తేలకముందే పిల్ల నక్షత్రం, పిల్లవాడి నక్షత్రం పురోహితుడి దగ్గరికి చేరతాయి. ఆయన పంచాంగం వెనక పేజీల్లో ఉన్న గుణమేళన పట్టిక తిరగేసి, ముప్పై ఆరుకు ఇన్ని గుణాలు కుదిరాయని చెబుతాడు. పద్దెనిమిది దాటితే సరే, తగ్గితే నసుగుడు. చదువుకున్న మనమూ దీన్ని చూసి నవ్వుతాం గాని, మన ఇంట్లో పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె కోసం చెవులు రిక్కిస్తాం.

ఆ పట్టిక ఏం చూస్తుందో ముందు తెలియాలి. వర్ణం, వశ్యం, తార, యోని, గ్రహమైత్రి, గణం, రాశి, నాడి అనే ఎనిమిది పొంతనలకు ఒకటి మొదలు ఎనిమిది దాకా మార్కులు. అన్నీ కలిపితే 36. ఈ ఎనిమిదీ చంద్రుడు ఉన్న నక్షత్రం నుంచి, రాశి నుంచి పుట్టుకొచ్చినవే. మిగతా గ్రహాలకు ఇందులో నేరుగా చోటు లేదు. అది అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: ఈ పిల్ల ఈ పిల్లవాడికి పొసుగుతుందా? కలిసిన తరవాత ఆ కలయిక ఎలాంటిది, దాని స్వభావం ఏమిటి అన్నది ఆ పట్టిక పని కాదు.

ఈ రెండో ప్రశ్న కోసం పాశ్చాత్య జ్యోతిష్కులు ఒక పద్ధతి తయారు చేసుకొన్నారు. ఇంగ్లీషులో దాన్ని కాంపోజిట్ చార్ట్ అంటారు. మన మాటలో ఉమ్మడి జాతకం అనుకుందాం. నేను ఈ వ్యాసంలో దాన్ని ఎలా వేస్తారో, ఎక్కడ అది నిలబడుతుందో, ఎక్కడ జారుతుందో ఒక నిజమైన జంట లెక్కతో చూపిస్తాను. నమ్మమని గాని, నమ్మవద్దని గాని మొదటే చెప్పను. లెక్క చూశాక ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

పొత్తు ఖాతా

ముందు దాని వెనక ఉన్న ఊహ. మా ఊళ్ళ చుట్టూ ఇద్దరు కలిసి నాలుగెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేయడం మామూలే. ఒకాయన నిదానస్తుడు, ఇంకొకాయన దూకుడు మనిషి అనుకోండి. గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు ఇచ్చే పట్టీ మాత్రం పొత్తు పేరు మీద వస్తుంది. ఆ పొత్తుకు ఒక అప్పు ఉంటుంది, ఒక లాభం ఉంటుంది, ఒక పరువు ఉంటుంది. అది నిదానస్తుడిదీ కాదు, దూకుడు మనిషిదీ కాదు. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్ళే అయినా పొత్తు చెడవచ్చు. ఇద్దరికీ క్షణం పడకపోయినా పొత్తు పదేళ్ళు నడవవచ్చు.

ఉమ్మడి జాతకం వేసేవాళ్ళు చెప్పేది ఇదే. పెళ్ళి అనేది ఇద్దరు మనుషులు గాక మూడో వస్తువు, దానికీ ఒక జాతకం ఉండాలి అంటారు. ఐతే ఆ మూడో దానికి పుట్టిన వేళ లేదు. తాళి కట్టిన ముహూర్తం తీసుకోవచ్చు గాని, అది పంతులుగారు ఎంచి పెట్టింది, తనంతట వచ్చింది కాదు. అందుకని ఇద్దరి జాతకాల్లో ఉన్న గ్రహాలనే జతజతగా తీసుకొని, ఇద్దరి సూర్యుల నడిమి బిందువు ఉమ్మడి సూర్యుడు, ఇద్దరి చంద్రుల నడిమి బిందువు ఉమ్మడి చంద్రుడు, ఇలా మొత్తం చక్రం కడతారు.

మధ్యబిందువుల వాడకం జర్మనీలో మొదటి ప్రపంచ యుద్ధం తరవాతి ఏళ్ళలో బాగా పెరిగింది. హాంబర్గులో ఆల్ఫ్రెడ్ విట్టె, ఆయన తరవాత రైన్‌హోల్డ్ ఎబెర్టిన్ దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. జంటల మధ్యబిందువులతో పూర్తి జాతకం వేయడం అమెరికాలో జాన్ టౌన్లీ 1973 నాటి పుస్తకంతోనూ, రాబర్ట్ హ్యాండ్ 1975 నాటి పుస్తకంతోనూ జనంలోకి వచ్చింది. అంటే మన గుణమేళనంతో పోలిస్తే ఇది నిన్నగాక మొన్నటి పద్ధతి. ప్రాచీన ప్రమాణం అని దీని గురించి ఎవరన్నా అంటే వెంటనే అనుమానించవచ్చు.

లెక్క ఎలా వేస్తారు

రాశిచక్రం 360 డిగ్రీలు. మేషం మొదలు సున్న, వృషభం మొదలు 30, మిథునం 60, ఇలా మీనం మొదలు 330. ప్రతి గ్రహాన్ని ఈ అంకెల్లోకి మార్చుకోవాలి. ఒకరి సూర్యుడు వృషభంలో 10 డిగ్రీలంటే 40. ఇంకొకరి సూర్యుడు సింహంలో 20 డిగ్రీలంటే 140. కూడితే 180, సగం 90. అది కర్కాటకం మొదటి బిందువు. ఉమ్మడి సూర్యుడు అక్కడ కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చేసే పని.

చిక్కంతా చక్రం గుండ్రంగా ఉండటంలో ఉంది. ఒకరిది 350, ఇంకొకరిది 20 అనుకోండి. కూడి సగం చేస్తే 185 వస్తుంది. కాని ఆ ఇద్దరి మధ్యా ఉన్నది 30 డిగ్రీల దూరమే, నడిమి చోటు 5 డిగ్రీలు. 185 దానికి సరిగ్గా ఎదుటి బిందువు. గుండ్రని దారి మీద ఇద్దరు నిలబడితే వాళ్ళ మధ్యకు రెండు దారులుంటాయి, కురచది ఒకటి, పొడుగుది ఒకటి. నడిమి బిందువులు కూడా రెండు. అందుకే సూత్రం ఇలా పెట్టుకొన్నారు: పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసివేసినప్పుడు 180 లోపు వస్తే కూడి సగం చేయడమే. 180 దాటితే ఆ సగానికి ఇంకో 180 కలపాలి. దీన్ని కురచ దారి నియమం అందాం.

లగ్నం దగ్గర రెండు వాడుకలున్నాయి. కొందరు ఇద్దరి లగ్నాల నడిమి బిందువు తీసుకుంటారు. కొందరు ఇద్దరి దశమ బిందువుల నడిమి చోటు తీసుకొని, ఆ జంట కాపురం ఉండే ఊరి అక్షాంశానికి లగ్నం పట్టికలో చూస్తారు. ఈ రెండో దాని ప్రకారం, దర్శిలో సుమారు పదిహేనుముప్పావు డిగ్రీల అక్షాంశంలో కాపురం పెట్టిన జంట ఢిల్లీకి మకాం మారిస్తే ఉమ్మడి లగ్నం జరుగుతుంది. మనుషులు మారలేదు, ఊరు మారింది, సంబంధం లగ్నం మారింది. ఉద్యోగం బదిలీ అయితే కాపురం తీరు మారడం మనం చూస్తూనే ఉంటాం కాబట్టి ఇది బాగుందనేవాళ్ళు ఉన్నారు. రెండు పద్ధతులకు రెండు లగ్నాలు వస్తే ఏది నమ్మాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది.

దుర్గాబాయి, దేశ్‌ముఖ్

ఇప్పుడు ఒక నిజమైన జంట. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన దుర్గాబాయి పుట్టిన తేదీ 1909 జూలై 15. మహారాష్ట్రకు చెందిన చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ పుట్టింది 1896 జనవరి 14. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, రాజ్యాంగ సభలో సభ్యురాలు. ఆయన 1943లో రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరు, ఆ తరవాత 1950 నుంచి 1956 దాకా కేంద్ర ఆర్థిక మంత్రి. ప్రణాళికా సంఘం పనిలో దగ్గరై 1953 జనవరి 22న పెళ్ళి చేసుకొన్నారు. అప్పటికి ఆమెకు 43 ఏళ్ళు, ఆయనకు 57. చిన్నతనంలో పెద్దలు చేసిన పెళ్ళిని ఊహ తెలిశాక కాదని బయటికి వచ్చిన మనిషి ఆవిడ. భార్యను పోగొట్టుకొన్న మనిషి ఆయన. 1981 మే 9న ఆవిడ పోయేదాకా, 28 ఏళ్ళు, ఆ కాపురం నిలిచింది. ఆయన 1982 అక్టోబరు 2న పోయారు.

ఇద్దరికీ ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలను వేళగా తీసుకొని సూర్యుణ్ణి లెక్క వేశాను. పాశ్చాత్యుల పద్ధతి కాబట్టి వాళ్ళ సాయన లెక్కే వాడాను. మన నిరయన లెక్కకు తరవాత వస్తాను. దేశ్‌ముఖ్ సూర్యుడు మకరంలో 23 డిగ్రీల 38 నిమిషాలు, అంటే 293 డిగ్రీల 38 నిమిషాలు. దుర్గాబాయి సూర్యుడు కర్కాటకంలో 22 డిగ్రీల 7 నిమిషాలు, అంటే 112 డిగ్రీల 7 నిమిషాలు. కూడి సగం చేస్తే సుమారు 202 డిగ్రీల 52 నిమిషాలు. అది తులలో 22 డిగ్రీల 52 నిమిషాలు.

కాని ఆగండి. రెంటి తేడా 181 డిగ్రీల 31 నిమిషాలు. అది 180 దాటింది. నియమం ప్రకారం ఇంకో 180 కలపాలి. ఉమ్మడి సూర్యుడు తుల నుంచి లేచి మేషంలో 22 డిగ్రీల 52 నిమిషాల దగ్గర కూర్చుంటాడు.

జ్యోతిషం కాస్త చదివినవాళ్ళకు ఇందులో మెలిక వెంటనే తెలుస్తుంది. సూర్యుడికి మేషం ఉచ్చ, తుల నీచ. ఒకే జంట, ఒకే తేదీలు. డిగ్రీన్నర ఇటు ఉంటే ఆ కాపురానికి ఆత్మకారకుడు ఉచ్చలో, డిగ్రీన్నర అటు ఉంటే నీచలో. దుర్గాబాయి పుట్టిన తేదీని రెండు రోజులు ముందుకు జరిపి జూలై 17 అనుకొని చూడండి. ఆమె సూర్యుడు 114 డిగ్రీలకు చేరతాడు, తేడా 180 లోపుకు వస్తుంది, ఉమ్మడి సూర్యుడు తులలోకి దూకుతాడు. మామూలు జంటల్లో ఒకరి తేదీ రెండు రోజులు మారితే ఉమ్మడి సూర్యుడు ఒక్క డిగ్రీ కదులుతాడు. ఇక్కడ సగం ఆకాశం దాటాడు.

ఇది ఈ పద్ధతిలో పుట్టుకతో ఉన్న లోపం. ఇద్దరి గ్రహాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు నడిమి చోటు అనేదానికి గట్టి అర్థం లేదు. తేడా 175కు, 185కు మధ్య ఉంటే ఆ గ్రహం రాశి ఫలం చెప్పకపోవడమే మర్యాద. ఉమ్మడి జాతకం వేసినవాడు ప్రతి గ్రహం పక్కన ఆ తేడా ఎంతో రాశాడా లేదా అని చూడండి. రాయకపోతే అడగండి. అదొక్కటి చాలు, ఆయనకు పని తెలుసో లేదో బయటపడటానికి.

శుక్రుడు చెప్పే సాక్ష్యం

రెండో గ్రహం చూద్దాం. దేశ్‌ముఖ్ శుక్రుడు ధనుస్సులో 11 డిగ్రీలు దాటి, దుర్గాబాయి శుక్రుడు సింహంలో 13 డిగ్రీల దగ్గర. ఇద్దరి మధ్య 118 డిగ్రీలే, కాబట్టి గొడవ లేదు. ఉమ్మడి శుక్రుడు తులలో 12 డిగ్రీల చోట పడ్డాడు. తుల శుక్రుడికి స్వక్షేత్రం. ఇంతవరకు బాగుంది.

ఇప్పుడు మేషంలో పెట్టిన ఉమ్మడి సూర్యుడికీ, తులలోని ఈ శుక్రుడికీ దూరం కొలవండి. 169 డిగ్రీలు! ఆకాశంలో ఇది జరగని పని. మనం భూమి మీద నిలబడి చూస్తే శుక్రుడు సూర్యుడికి 47, 48 డిగ్రీలకు మించి దూరం పోడు. అందుకే వేగుచుక్కగానో, సాయంకాలపు చుక్కగానో కనిపిస్తాడే గాని అర్ధరాత్రి నడినెత్తిన కనిపించడు. ఉమ్మడి జాతకంలో ఏ ఆకాశంలోనూ లేని అమరిక వచ్చింది. ఎందుకంటే ఇది ఆకాశం పటం కాదు, సగటుల పటం.

ఇక్కడ వేసేవాళ్ళు రెండుగా చీలిపోతారు. సూత్రం సూత్రమే, మేషంలోనే ఉంచుతాం అనేవాళ్ళు ఒక పక్క. ఆకాశ ధర్మాన్ని తప్పకూడదు, సూర్యుణ్ణి పొడుగు దారి నడిమికి, అంటే తులకు మార్చాలి, అప్పుడు శుక్రుడు పదకొండు డిగ్రీల దూరంలోకి వస్తాడు అనేవాళ్ళు ఇంకో పక్క. తులకు మారిస్తే బుధుడితో పేచీ వస్తుంది. కురచ దారి ప్రకారం ఈ జంట ఉమ్మడి బుధుడు మేషంలో 20 డిగ్రీలు దాటి ఉన్నాడు. సూర్యుణ్ణి తీసుకుపోతే బుధుణ్ణి కూడా వెంట తీసుకుపోవాలి.

మూడో సాక్ష్యం ఇంగ్లండులో రోనాల్డ్ డేవిసన్ 1977 నాటి పుస్తకంలో చెప్పిన పద్ధతి. ఆయన గ్రహాలకు బదులు కాలానికి సగటు కట్టమన్నాడు. ఇద్దరి పుట్టిన క్షణాల నడిమి క్షణం, ఇద్దరి పుట్టిన ఊళ్ళ నడిమి చోటు తీసుకొని, ఆ రోజు ఉన్న నిజమైన ఆకాశానికి జాతకం వేయాలి. మన జంటకు రెండు తేదీల మధ్య 4930 రోజులు. సగం 2465. అది 1902 అక్టోబరు 15. ఆ రోజు సూర్యుడు తులలో 21 డిగ్రీల దగ్గర ఉన్నాడు. అంటే డేవిసన్ తుల అంటాడు, కురచ దారి మేషం అంటుంది. ఇద్దరూ ఒకే పెళ్ళి గురించి మాట్లాడుతున్నారు!

మన పంచాంగం లెక్కలో

నిరయన లెక్కకు మార్చాలంటే అయనాంశ తీసివేయాలి. లాహిరి పద్ధతిలో ఆ ఏళ్ళకు అది సుమారు ఇరవై రెండున్నర డిగ్రీలు. అన్ని గ్రహాలూ దాదాపు ఒకే మేర వెనక్కి జరుగుతాయి కాబట్టి గ్రహాల మధ్య దూరాలు మారవు, రాశులు మాత్రం మారతాయి. తుల శుక్రుడు కన్యలోకి పోయాడు. స్వక్షేత్రంలో ఉన్నవాడు నీచ పట్టాడు. ఉమ్మడి సూర్యుడు మేషంలో 22 నిమిషాల దగ్గర, అంటే అర డిగ్రీ కూడా లేకుండా గట్టు మీద నిలబడ్డాడు. మనం మధ్యాహ్నం వేళ అనుకొన్నాం. ఇద్దరూ అర్ధరాత్రి దాటగానే పుట్టి ఉంటే అదే సూర్యుడు మీనం చివరికి పోతాడు.

పుట్టిన వేళ అనే మాట వచ్చింది గనుక మన సంగతి చెప్పుకోవాలి. మా వైపు చాలామంది పెద్దవాళ్ళ పుట్టిన తేదీలు బడిలో చేర్చిన రోజున మాస్టారు వేసినవి. ఇంట్లో అడిగితే దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు, సాగర్ కాలవకు మొదటిసారి నీళ్ళొచ్చిన ఏడు అంటారు. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు నడుస్తాడు. ఒకరి తేదీ ఒక్క రోజు తేడా పడితే ఉమ్మడి చంద్రుడు ఆరున్నర డిగ్రీలు జరుగుతాడు. లగ్నం నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పరుగెత్తుతుంది. ఒకరి వేళలో గంట తేడా ఉంటే ఉమ్మడి లగ్నం ఏడున్నర డిగ్రీలు తప్పుతుంది. ఇద్దరివీ తప్పితే ఇక చెప్పేదేముంది. సర్టిఫికెట్ తేదీ మీద లగ్నం దాకా వేసి ఇచ్చే ఉమ్మడి జాతకం కాగితం ఖరీదు కూడా చేయదు.

సంబంధం గురించి ఏమంటుంది

గట్టిగా నిలబడే భాగం ఒకటుంది. అదీ చూడాలి. దేశ్‌ముఖ్ గురుడు 125 డిగ్రీలు దాటి, దుర్గాబాయి గురుడు 162కు కాస్త తక్కువ. ఉమ్మడి గురుడు 143న్నర, సింహంలో 23న్నర డిగ్రీలు. మేషంలో ఉన్న ఉమ్మడి సూర్యుడికి ఇది 120 డిగ్రీల దూరం, ఒక్క డిగ్రీ కూడా తేడా లేకుండా త్రికోణం. సూర్యుణ్ణి తులకు మార్చినా 60 డిగ్రీల దూరం అవుతుంది, అదీ శుభదృష్టే. ఎటు తిప్పినా చెక్కు చెదరని సంబంధం ఇది.

చదివేవాళ్ళ భాషలో ఉమ్మడి సూర్యుడంటే ఆ సంబంధం దేనికోసం బతుకుతుంది అన్నది. గురుడంటే అది ఎటు విస్తరిస్తుంది అన్నది. ఈ రెంటికీ త్రికోణం ఉంటే, ఆ కాపురం ఇంటి గడప లోపలే ఆగదు, చదువు, ధర్మకార్యం, నలుగురికి పనికొచ్చే సంస్థలు దాని చేతి మీదుగా పెరుగుతాయి అని రాస్తారు. పెళ్ళయిన ఏడు, 1953లో, దుర్గాబాయి కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలు. ఆ తరవాతి ఏళ్ళలో ఆడపిల్లల చదువు, ఆసుపత్రులు, అక్షరాస్యత. ఆయన మంత్రి పదవి వదిలాక విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘానికీ, ఢిల్లీ విశ్వవిద్యాలయానికీ పెద్ద. చదివితే ఒళ్ళు జలదరించేలా అతుకుతుంది.

ఆ జలదరింపు దగ్గరే నిలబడి ఒక లెక్క వేయాలి. జ్యోతిష్కులు లెక్కలోకి తీసుకొనే దూరాలు 0, 60, 90, 120, 180. చక్రంలో రెండు పక్కలా కలిపితే అలాంటి బిందువులు ఎనిమిది. ఒక్కోదానికి అటు ఐదు, ఇటు ఐదు డిగ్రీలు వదిలితే 80 డిగ్రీలు. అంటే ఏ రెండు గ్రహాలు తీసుకొన్నా వందలో 22 వంతులు ఏదో ఒక దృష్టి దొరుకుతుంది. చంద్రుడు, కుజుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో అని ఏడుగురిని సూర్యుడి పక్కన పెట్టి చూస్తే, వంద జంటల్లో ఎనభై పైగా జంటలకు కనీసం ఒక దృష్టి తగులుతుంది. ఒక్క డిగ్రీ లోపు అని బిగించినా పాతిక జంటలకు పైగా దొరుకుతుంది. దొరికిన తరవాత జీవితంలో దానికి సరిపడే సంగతి వెతకడం కష్టం కాదు. మేషం అంటే కొత్త పనులు మొదలుపెట్టే కాపురం అని ఆంధ్ర మహిళా సభ శాఖలు చూపిస్తాం. తుల అంటే తూకం వేసి నడిచే కాపురం అని ప్రణాళికా సంఘం చూపిస్తాం. రెండూ సరిపోయాయంటే, రెంటిలో ఏదీ పరీక్షకు నిలబడలేదన్నమాట.

పరీక్ష ఎలా చేయాలో మన దేశంలోనే ఒక నమూనా ఉంది. పూణేలో జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు చురుకైన పిల్లలవి నూరు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి నూరు జాతకాలు సేకరించి, పేర్లు లేకుండా కలిపి జ్యోతిష్కులకు పంపారు. ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది సగటున వందకు 46 సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తాయి. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అది విడి జాతకాల పరీక్ష, జంటలది కాదు. కాని ఆ పద్ధతి ఉమ్మడి జాతకానికి సరిగ్గా సరిపోతుంది. ఐదు జంటల తేదీలు తీసుకోండి. వేసేవాడికి పేర్లు చెప్పవద్దు. ఐదు ఫలాలూ రాయించి, రాశుల పేర్లు, గ్రహాల పేర్లు కొట్టేసి, ప్రతి జంట చేతిలో ఐదూ పెట్టి మీది ఏదో ఏరుకోమనండి. ఊరికే ఏరితే ఐదుగురిలో ఒకరికి తగులుతుంది. నాలుగైదుసార్లు చేసినా ఒకటికి మించకపోతే సంగతి తేలిపోయినట్టే. హాస్టల్లో ఒక ఆదివారం చాలు.

మరి ఇది దేనికి పనికొస్తుంది? గుణమేళనానికి లేని మంచి లక్షణం ఒకటి ఇందులో ఉంది. ఇక్కడ పిల్లది తక్కువ, పిల్లవాడిది ఎక్కువ అన్న వరస లేదు. మూలా నక్షత్రం పిల్ల మామకు గండం, ఆశ్లేష అత్తకు గండం అని ఒక పక్కే నేరం మోపే వీలు లేదు. ఎవరి పేరు ముందు రాసినా నడిమి బిందువు అదే. ఏం తేడా వచ్చినా ఇద్దరి ఉమ్మడి ఖాతాలోనే పడుతుంది. మా పల్నాటి మిరపతోటల నుంచి ఒంగోలు దాకా ఎన్ని సంబంధాలు ఆడపిల్ల నక్షత్రం పేరు చెప్పి తప్పిపోయాయో తెలిసినవాళ్ళకు ఈ మాట విలువ తెలుస్తుంది.

కాని అదే కారణంగా దీన్ని సంబంధం చెడగొట్టడానికి వాడటం ఇంకా అన్యాయం. ఇది ముడిపడిన దాన్ని వర్ణించడానికి పుట్టిన పద్ధతి. ముడిపడకముందు వద్దనడానికి దీనికి ఏ హక్కూ లేదు. ఈ మధ్య సెల్‌ఫోన్‌లో రెండు తేదీలు కొడితే క్షణంలో ఉమ్మడి చక్రం వచ్చేస్తున్నది. అది కురచ దారి వాడిందా, పొడుగు దారి వాడిందా, సాయనమా, నిరయనమా, లగ్నం ఏ ఊరికి కట్టింది అన్న ప్రశ్నలు వేయకుండా ఎవరైనా దాన్ని మీ ఇంటి పెద్దల ముందు పెడితే, ఈ వ్యాసంలోని 181 డిగ్రీల 31 నిమిషాలు గుర్తు చేసుకోండి. డిగ్రీన్నర తేడాతో ఉచ్చ నీచ అయ్యే చోట, 28 ఏళ్ళ కాపురం మాత్రం ఒక్కటే.